లీటరుకు ఐదు రూపాయలు: పాల సబ్సిడీ ఎవరి చేతికి చేరుతుంది?

ప్రశ్న: మాకు ఇచ్చిన లెక్క ఇది. ఒక పట్టణంలో పాల డిమాండు Qd = 130 − P. సప్లయి రెండు రకాలుగా ఇచ్చారు. మొదటి కొన్ని నెలలకు Qs = 67.5 + 0.25P, కొన్నేళ్ల తర్వాత Qs = 4P − 120. Q రోజుకు వేల లీటర్లలో, P లీటరుకు రూపాయల్లో. ప్రభుత్వం రైతుకు లీటరుకు రూ.5 సబ్సిడీ ఇస్తే ధర, పరిమాణం, ఎవరికి ఎంత లాభం, ప్రభుత్వానికి ఎంత ఖర్చు అని అడిగారు. రైతుకు 50కి బదులు 55 వస్తుంది, కొనేవారికి మార్పేమీ ఉండదు, ఖర్చు 5 × 80 వేలు, అంటే రోజుకు 4 లక్షలు అని రాశాను. మార్కులు రాలేదు. డబ్బు నేరుగా రైతు ఖాతాలోనే పడుతున్నప్పుడు నేను ఎక్కడ తప్పాను?

సమాధానం:

మీ గుణకారంలో తప్పేమీ లేదు. సబ్సిడీ వచ్చాక కూడా బజారు ధర 50 దగ్గరే ఉంటుందని మీరు అనుకున్నారు. తప్పు అక్కడ జరిగింది. అది నిలబడుతుందో లేదో మీ సమీకరణాలతోనే పరీక్షించవచ్చు. రైతుకు లీటరుకు 55 ముడితే మొదటి సప్లయి ప్రకారం 81.25 వేల లీటర్లు బజారుకు వస్తాయి. కొనేవారు మాత్రం 50 రూపాయల ధరకు 80 వేల లీటర్లే కొంటారు. 1,250 లీటర్లు క్యాన్లలో మిగిలిపోతాయి. పాలు సాయంత్రం దాకా ఆగే సరుకు కాదు. మిగిలిన పాలున్న రైతు 49.50కైనా ఇచ్చి ఇంటికి వెళ్తాడు, ఎందుకంటే సబ్సిడీ కలిపితే అతడికి 54.50 వస్తుంది. పక్కనున్నవాడు కూడా దించక తప్పదు. పోటీ ఉన్న బజారులో ధర ఎవరో ప్రకటించినందువల్ల తగ్గదు, ఇలా మిగిలిపోయిన క్యాన్ల వల్ల తగ్గుతుంది. వచ్చిన పాలు, కొన్న పాలు సమానమయ్యే దాకా ఆ తగ్గుదల ఆగదు.

కాబట్టి ఈ లెక్కలో ఒక ధర కాదు, రెండు ధరలు ఉంటాయి. కొనేవారు ఇచ్చేది P. రైతు చేతికి వచ్చేది P + 5. డిమాండు సమీకరణంలో మొదటిది, సప్లయి సమీకరణంలో రెండోది పెట్టాలి. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతాదంతా మామూలు బీజగణితమే. మధ్యలో డెయిరీ సేకరణ, రవాణా ఖర్చులు ఉన్నాయి కదా అనే సందేహం రావచ్చు. అవి లీటరుకు స్థిరంగా ఉన్నంతవరకు రైతు చేతికి వచ్చేదాంట్లోంచి ఎప్పుడూ ఒకే మొత్తం తగ్గుతుంది, అంతే. సబ్సిడీ పంపకం మారదు. అందుకే ఇక్కడ రైతే నేరుగా ఇంటికి పోస్తున్నాడని అనుకుందాం.

మొదటి కొన్ని నెలల లెక్క:

```
130 − P = 67.5 + 0.25(P + 5)
130 − P = 68.75 + 0.25P
61.25 = 1.25P
P = 49,  P + 5 = 54,  Q = 81
```

కొనేవారికి లీటరుకు రూపాయి తగ్గింది, రైతుకు 4 రూపాయలు పెరిగింది. పాలు 80 వేల నుంచి 81 వేల లీటర్లకే పెరిగాయి. ఈ వెయ్యి లీటర్లు కూడా ఎలా వచ్చాయో ఊహించుకోండి. ఉన్న గేదెలకే దాణా ఇంకో కిలో పెట్టారు, దూడకు వదిలే పాలు కొంచెం తగ్గించారు, ఇంట్లో పెరుగుకు తోడేసే పాలలో కొంత క్యాన్‌లో పోశారు. అంతకు మించి కొన్ని నెలల్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఈ రోజు పుట్టిన పడ్డ ఎదిగి, చూలు కట్టి, ఈని పాలివ్వడానికి మన పల్లెల్లో మూడు నాలుగేళ్లు పడుతుంది. సప్లయి సమీకరణంలో కనిపించే 0.25 అనే చిన్న అంకె వెనుక ఉన్న సంగతి ఇది. బజారు పరిస్థితికి తగ్గట్టు కదలలేనివారి దగ్గర సబ్సిడీలో ఎక్కువ భాగం ఆగుతుంది. మొదట్లో కదలలేనిది రైతు పక్షం, అందుకే 5లో 4 అక్కడ ఆగింది.

ఇప్పుడు లాభాలు కొలుద్దాం. చాలామంది ఇక్కడ కొత్త పరిమాణాన్ని ధరలోని మార్పుతో గుణించి ఊరుకుంటారు. అది కొంచెం ఎక్కువ చూపిస్తుంది. పాత 80 వేల లీటర్ల మీద రైతుకు పూర్తిగా 4 రూపాయల లాభం ఉంది. కొత్తగా వచ్చిన వెయ్యి లీటర్ల మీద మాత్రం అంత లేదు, ఎందుకంటే వాటిని తీయడానికి అదనపు దాణా, శ్రమ ఖర్చయ్యాయి. వాటిలో మొదటి లీటరుకు దాదాపు 4 మిగిలితే చివరి లీటరుకు దాదాపు ఏమీ మిగలదు. సగటున 2. అందువల్ల పాత, కొత్త పరిమాణాల సగటు తీసుకోవాలి. రైతుల లాభం 4 × 80.5 = 322 వేల రూపాయలు. కొనేవారి లాభం 1 × 80.5 = 80.5 వేలు. రెండూ కలిపితే రోజుకు 4,02,500 రూపాయలు.

ప్రభుత్వ ఖర్చుకు మాత్రం సగటు లేదు. ఖజానా ప్రతి లీటరుకూ 5 చెల్లిస్తుంది, పాతదా కొత్తదా అని చూడదు. కాబట్టి 5 × 81 = 405 వేలు, అంటే రోజుకు 4,05,000 రూపాయలు. మీరు రాసిన 4 లక్షలు పాత పరిమాణం మీద వేసిన లెక్క. ఖజానా ఇచ్చిన దానికీ ప్రజలకు చేరిన దానికీ మధ్య 2,500 రూపాయల తేడా ఉంది. ఇది ఎవరి జేబులోకీ వెళ్లలేదు. అదనపు లీటర్లు తీయడానికి అయిన ఖర్చు, వాటికి కొనేవారు ఇచ్చుకున్న విలువ కంటే ఎక్కువ కావడం వల్ల కరిగిపోయింది. చివరి లీటరునే చూడండి. దాన్ని తీయడానికి రైతుకు దాదాపు 54 రూపాయలు ఖర్చయింది. కొన్నవాళ్లకు దాని విలువ 49. ఆ 5 రూపాయల అంతరాన్ని ప్రభుత్వం పూడ్చింది కాబట్టే ఆ లీటరు పుట్టింది.

ఇక రెండో సప్లయి. నా దృష్టిలో మీ ప్రశ్నలో విలువైన భాగం ఇదే. పరీక్షలో రెండింటినీ పక్కపక్కన ఇచ్చినవారు ఆలోచించి ఇచ్చారు. కొన్నేళ్లు గడిచాక లీటరుకు 54 వస్తోందని చూసినవారు ఊరుకోరు. రెండు గేదెలున్నవారు నాలుగు కొంటారు. పాడి మానేసినవారు మళ్లీ మొదలుపెడతారు. అప్పు తెచ్చి ముర్రా గేదెలతో షెడ్డు వేసే కుర్రవాళ్లు వస్తారు. పోటీ పరిశ్రమ అంటే కొత్తవారు లోపలికి రావడానికి అడ్డు లేనిది అనే కదా అర్థం.

```
130 − P = 4(P + 5) − 120
130 − P = 4P − 100
230 = 5P
P = 46,  P + 5 = 51,  Q = 84
```

ఇప్పుడు కొనేవారికి 4 తగ్గింది, రైతుకు ఒక్క రూపాయే పెరిగింది. మొదటి లెక్కను అద్దంలో చూసినట్లు ఉంది. ప్రభుత్వ ఉత్తర్వు అదే, రూ.5 అదే, జమ అవుతున్నది అదే రైతు ఖాతాలో. అయినా మొదటి ఏడాది రైతు దగ్గర ఆగిన 4 రూపాయలు, పోటీ పెరిగేకొద్దీ ధర తగ్గుతూ పట్టణంలోని టీ గ్లాసుల్లోకీ ఇళ్లలోకీ జారిపోయాయి. కొనేవారి లాభం 4 × 82 = 328 వేలు. రైతుల లాభం 1 × 82 = 82 వేలు. ఖజానా ఖర్చు 5 × 84 = 420 వేలు. కరిగిపోయింది 10 వేలు. ఈ చివరి అంకెను సరిచూసుకోవడానికి తేలిక దారి ఉంది: సబ్సిడీని పరిమాణంలోని పెరుగుదలతో గుణించి సగం చేయండి. 5 × 4 ÷ 2 = 10. మొదటి సందర్భంలో 5 × 1 ÷ 2 = 2.5. ఖర్చులోంచి లాభాలు తీసేస్తే వచ్చేదీ ఇదీ ఒకటి కాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్లే.

మీ పాఠ్యపుస్తకంలో దీర్ఘకాలంలో సబ్సిడీ మొత్తం వినియోగదారులకే వెళ్తుందని ఉంటే దాన్ని కూడా ఇదే దారిలో అర్థం చేసుకోవచ్చు. పరిశ్రమ ఎంత పెరిగినా లీటరు ఖర్చు 50 దగ్గరే నిలిచి ఉంటుందని పుస్తకం అనుకుంటుంది. అప్పుడు రైతుకు 50కి పైగా ఏ మాత్రం మిగిలినా కొత్తవారు వచ్చేస్తారు. కొనేవారి ధర 45కు దిగేదాకా ఆ రాక ఆగదు. పాలు 85 వేల లీటర్లు, ఖర్చు రోజుకు 4.25 లక్షలు, రైతుకు లాభం సున్నా. మీ లెక్కలో రూపాయి ఎందుకు మిగిలిందంటే, పశువులు పెరిగేకొద్దీ పచ్చిగడ్డి వేసే భూమి కౌలు, మంచి గేదె ధర పెరుగుతాయి. ఖర్చు 50 నుంచి 51కి ఎక్కింది. ఆ రూపాయి నిజానికి పితికే చేతికి కాక, నీళ్లున్న ఎకరం ఎవరిదో, మంచి పడ్డలు ఎవరి కొట్టంలో ఉన్నాయో వారికి చేరే అవకాశమే ఎక్కువ. గేదెను కౌలు పొలంలో గడ్డితో మేపే పేద రైతుకు ఏమి మిగిలిందని అడిగితే, ‘సప్లయి చేసేవారి లాభం 82 వేలు’ అనే అంకె ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఉత్పత్తిదారుల మిగులు అని మనం రాసేది ఒక మనిషి ఆదాయం కాదు. ఆ ఉత్పత్తికి కావలసిన అరుదైన వనరులన్నిటి యజమానులకూ కలిపి చేరే మొత్తం అది.

డబ్బు రైతు ఖాతాలో పడుతోంది కదా అన్న మీ సందేహానికి ఇంకో వైపు నుంచి జవాబు చెబుతాను. రైతుకు కాకుండా కొనేవారికి లీటరుకు రూ.5 కూపన్ ఇచ్చారనుకోండి. మొదటి సప్లయితో మళ్లీ లెక్క వేస్తే బజారు ధర 54కు లేస్తుంది. కూపన్ పోను కొనేవారికి పడేది 49. రైతుకు 54. పరిమాణం 81. ఏ అంకే మారలేదు. ఖాతా ఎవరిదనే దాన్ని బట్టి లాభం తేలదు. ఎవరు ఎంత తేలిగ్గా తమ పరిమాణాన్ని మార్చుకోగలరనే దాన్ని బట్టి తేలుతుంది. మీ సమీకరణాల్లో P ముందున్న అంకెలే ఆ పంపకం చెబుతాయి. దీర్ఘకాలంలో సప్లయికి 4, డిమాండుకు 1. కొనేవారి వాటా 4/(4+1), రైతు వాటా 1/(4+1). మొదట్లో సప్లయికి 0.25, డిమాండుకు 1. కొనేవారి వాటా 0.25/1.25, అంటే అయిదో వంతు. సరళరేఖలు ఉన్నంతవరకు సమీకరణం సాధించకుండానే ధరలు ఇలా రాసేయవచ్చు.

మీ ప్రశ్నలో లేని ఒక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బాధ కలిగించే భాగం అక్కడే ఉంది. కొన్నేళ్ల తర్వాత ఈ సబ్సిడీని ఒక్కసారిగా తీసేశారనుకుందాం. అప్పటికి షెడ్లు కట్టేశారు, గేదెలు కొట్టంలో ఉన్నాయి. ధర పడిపోయిందని వాటిని ఆ నెలలోనే మాయం చేయలేరు. కాబట్టి సప్లయి మళ్లీ మొండిగా మారుతుంది, కాకపోతే ఈసారి 84 వేల లీటర్ల దగ్గర నుంచి. మొదటి సప్లయికి ఉన్న 0.25నే వాడి, 51 ధరకు 84 వేలు వచ్చేలా రాస్తే Qs = 71.25 + 0.25P. దీన్ని డిమాండుతో కలిపితే P = 47, Q = 83. కొనేవారి ధర 46 నుంచి 47కు ఒక్క రూపాయే పెరిగింది. రైతు ధర 51 నుంచి 47కు పడింది. సబ్సిడీ రాకముందు అతడికి 50 వచ్చేది! అంటే పథకం పుట్టకముందుకన్నా మూడు రూపాయలు తక్కువ. సబ్సిడీని నమ్మి అప్పు చేసి చివర్లో వచ్చినవారు దీనికి ముందుగా బలవుతారు. ‘రైతుకు మిగులుతున్నది రూపాయే కదా, తీసేస్తే పోయేది రూపాయే’ అని లెక్కవేసే అధికారి ఘోరంగా పొరబడతాడు. తీయాల్సి వస్తే ఏడాదికి కొంత చొప్పున, ఈతల వరుసకు తగ్గట్టు, ముందే చెప్పి తీయాలి.

ఇక కాగితం మీది బజారుకూ నిజమైన పాల బజారుకూ ఉన్న తేడా. కర్ణాటకలో సహకార సంఘాలకు పాలు పోసే రైతులకు 2008లో లీటరుకు రూ.2తో మొదలైన ప్రోత్సాహకం తర్వాత రూ.5కు చేరింది. తెలంగాణలో విజయ డెయిరీకి పోసే రైతులకు లీటరుకు రూ.4 ప్రకటించారు. మీ లెక్కతో పోల్చేటప్పుడు ఒక ముఖ్యమైన మార్పు గమనించాలి. ఈ డబ్బు పుట్టిన ప్రతి లీటరుకూ కాదు, ఫలానా డబ్బాలో పోసిన లీటరుకే. అప్పుడు రైతు ముందుగా చేసే పని ఇంకో గేదె కొనడం కాదు, ప్రైవేటు డెయిరీ వాహనం దగ్గర పోసే పాలను సంఘం కేంద్రానికి మళ్లించడం. సంఘం పుస్తకంలో సేకరణ ఇరవై శాతం పెరిగినట్లు కనిపించవచ్చు, ఊళ్లో పాలు మాత్రం చెంబెడు కూడా పెరిగి ఉండకపోవచ్చు.

నేను చాలా ఏళ్లు పాల సేకరణ లెక్కలు చూశాను. ఒక సంఘంలో ప్రోత్సాహకం మొదలైన రెండు నెలలకే కొన్ని ఖాతాల్లో పూటకు అరవై లీటర్లు నమోదు కావడం మొదలైంది. వెళ్లి చూస్తే ఆ కొట్టాల్లో మూడేసి గేదెలు. పక్క ఊళ్ల నుంచి పాలు కొని తెచ్చే వ్యాపారి, రైతుల పేర్లతో పోసి ప్రోత్సాహకాన్ని పంచుకుంటున్నాడు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద సాధనాలేమీ అక్కర్లేదు. పాడి గేదెల సంఖ్యను రోజుకు ఎనిమిది పది లీటర్లతో గుణించి, ఇంటి వాడకం తీసేసి, ఖాతాలోని లీటర్లతో పోల్చండి. తర్వాత అదే ఊళ్లో ప్రైవేటు కేంద్రానికి వచ్చే పాలు తగ్గాయేమో అడగండి. ఇక్కడ పెరిగినంతా అక్కడ తగ్గితే అది మళ్లింపు. రెండు చోట్లా పెరిగితేనే కొత్త పాలు.

‘లీటరు’ అనే కొలతలో కూడా ఒక చిక్కు ఉంది. పాల ధర వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ అనే వెన్న కాని ఘనపదార్థాల శాతం చూసి కడతారు. ప్రోత్సాహకం మాత్రం లీటరుకు ఒకే మొత్తం. ఏడు శాతం వెన్న ఉన్న గేదె పాలకూ, నాలుగు శాతం ఉన్న ఆవు పాలకూ అదే రూ.5 అయితే, ధర తక్కువగా ఉన్న ఆవు పాలకే నిష్పత్తిలో ఎక్కువ లాభం. చిక్కదనం కన్నా పరిమాణానికి పారితోషికం ఇచ్చినట్లవుతుంది. కొన్నేళ్లలో పశువుల ఎంపిక కూడా అటే మొగ్గుతుంది. యూనిట్ సబ్సిడీలో యూనిట్ అంటే ఏమిటో ఎంచుకోవడం గుమస్తా పని కాదు, విధానం మొత్తం దానిమీదే నిలబడుతుంది.

ఖజానా వైపు రెండు మాటలు. మీలాగే పాత పరిమాణం మీద ఖర్చు వేసే అలవాటు బడ్జెట్లు రాసేవారికీ ఉంటుంది. రోజుకు 4 లక్షలంటే ఏడాదికి 14.60 కోట్లు. దీర్ఘకాలంలో నిజంగా పడేది రోజుకు 4.20 లక్షలు, ఏడాదికి 15.33 కోట్లు. 73 లక్షలు తక్కువ పడతాయి, బిల్లులు ఆగుతాయి. ఇది ఆలస్యంతో పోయే నష్టం కాదు. ప్రోత్సాహకం ఎనిమిది నెలలు బకాయి పడితే, రైతు దాణా కొట్టు దగ్గర ‘నాకు లీటరుకు 51 వస్తుంది’ అని లెక్కవేసుకోడు, ఆ రోజు చేతికి వచ్చే 46నే నమ్ముతాడు. అప్పుడు సప్లయి సమీకరణంలో P + 5 అని రాసే హక్కు మనకు ఉండదు. ఖర్చు మాత్రం పుస్తకంలో అలాగే ఉంటుంది.

రెండోది, ఖర్చును దేనితో పోల్చాలన్నది. లక్ష్యం పాల ఉత్పత్తి పెంచడమే అయితే మొదటి ఏడాది రోజుకు 4.05 లక్షలు పెట్టి తెచ్చుకున్నది వెయ్యి లీటర్లు. అదనపు లీటరుకు ఖజానా ఖర్చు 405 రూపాయలు. దీర్ఘకాలంలో 4.20 లక్షలకు నాలుగు వేల లీటర్లు, లీటరుకు 105. ఎలాగూ వచ్చే 80 వేల లీటర్లకూ చెల్లిస్తున్నందువల్ల ఇంత అవుతుంది. లక్ష్యం రైతు ఆదాయమే అయితే ఈ కొలత వర్తించదు. అప్పుడు ఖర్చు పెట్టిన రూపాయిలో రైతుకు చేరింది ఎంత అని చూడాలి: మొదట దాదాపు 80 పైసలు, తర్వాత దాదాపు 20 పైసలు. పిల్లలకు పాలు చౌకగా అందడమే లక్ష్యమైతే ఇవే అంకెలు తిరగబడి, కాలం గడిచేకొద్దీ పథకం మెరుగవుతున్నట్లు కనిపిస్తాయి.

పరీక్షలో ఇంత రాయనక్కర్లేదు. రెండు ధరలు విడివిడిగా పేర్కొనండి, రెండు సప్లయిలకూ విడిగా సాధించండి, ఖర్చును కొత్త పరిమాణం మీద వేయండి, లాభాలను సగటు పరిమాణం మీద వేయండి, చివర్లో మూడూ సరిపోయాయో చూడండి. జవాబు కింద ఒక్క వాక్యం చేర్చండి: మొదట రైతులకు 4, తర్వాత కొనేవారికి 4 ఎందుకు వచ్చిందో, పడ్డ గేదె కావడానికి పట్టే కాలంతో కలిపి. దిద్దేవారు వెతికేది ఆ వాక్యం కోసమే.